ముందు సబ్జెక్ట్ లైన్, తర్వాతే సంచిక

(బ్లాగర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తెర మీద చూపించినవి ఎక్కడివక్కడే చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు తెర కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, తర్వాత నన్ను అనొద్దు.

ఇవాళ నేను మాట్లాడేది ఒక్క సంచిక గురించి. వారం వారం బ్లాగు టపాలు ఏరి పంపే మెయిలు ఉత్తరం ఉంటుంది కదా, అందులో ఒక సంచిక ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. చందాదారుల్ని ఎలా పెంచుకోవాలి, డబ్బులు ఎలా వస్తాయి, ఇవి నన్ను అడగకండి. నాకు ఆసక్తి ఉన్నది ఆ ఒక్క ఉత్తరం మీదే.

మనలో పాతవాళ్లకు కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే సైట్లు గుర్తుండే ఉంటాయి. పొద్దున్నే తెరిస్తే ఎవరు ఏం రాశారో వరసగా కనిపించేది. అవి చేసిన పని సంకలనం. టపా పడగానే పైకి వచ్చేది, ఇంకోటి పడగానే కిందికి పోయేది. అందులో ఎంపిక లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మనం మాట్లాడుకునే ఉత్తరం వేరే. ఇక్కడ ఒక మనిషి కూర్చుని చదివి, పది వదిలేసి, ఐదు ఉంచి, ఆ ఐదు ఎందుకు ఉంచాడో చెబుతాడు. చెప్పకపోతే ఏమవుతుంది? అదీ లింకుల జాబితానే అవుతుంది. ఆ పని యంత్రం ఎప్పుడో చేసిపెట్టింది, మనం మళ్లీ చెయ్యక్కర్లేదు.

సరే, ఒక సంచిక తీసుకుందాం. ఈ ఉదాహరణ నేను కల్పించినదే, టపాలు కూడా కల్పితమే. ఎవరి బ్లాగు గురించో చెబుతున్నానని వెతక్కండి. జూన్ రెండో వారం అనుకుందాం. ఎండలు తగ్గుముఖం పట్టాయి, ఇళ్లలో ఆవకాయ పెట్టడం అయిపోయింది, మృగశిర కార్తె వచ్చింది. వారం పొడుగునా చదివిన వాటిలో ఐదు టపాలు మిగిలాయి. ఒకటి, గుంటూరు నుంచి రాసే ఒకామె ఆవకాయ జాడీకి బూజు పట్టడం గురించి రాసింది. రెండు, మృగశిర నాడు హైదరాబాదులో చేపల బజారు. మూడు, ఫోనులో అరసున్న టైపు చెయ్యడం ఎలా. నాలుగు, 1986 గోదావరి వరదలప్పుడు భద్రాచలంలో ఉన్న ఒకాయన జ్ఞాపకాలు, ఇది 2012లో రాసిన పాత టపా. ఐదు, ఒక ఊరి గ్రంథాలయంలో దొరికిన పాత పత్రికల జాబితా.

ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? చెప్పండి. మొదటి టపా పరిచయం రాయడం మొదలెడతారు, అవునా? చాలామంది అంతే. ఐదు పరిచయాలు రాసి, పైన ఒక పలకరింపు రాసి, అన్నీ అయ్యాక పంపే బటన్ దగ్గరికి వెళతారు. అక్కడ ఒక గడి ఖాళీగా ఉంటుంది, సబ్జెక్ట్ అని. అప్పటికి ఓపిక అయిపోయి ఉంటుంది. "ఈ వారం టపాలు" అని కొట్టి పంపేస్తారు.

నేను చెప్పేది తిరగెయ్యమని. ముందు సబ్జెక్ట్ లైన్ రాయండి. పరిచయాలు ఒక్కటి కూడా రాయక ముందే రాయండి. ఎందుకంటే అది ఒక పరీక్ష. ఈ ఐదింటిలో ఏది ముందుండాలో మీకు తెలిస్తే సబ్జెక్ట్ లైన్ వస్తుంది. రాకపోతే మీ సంచికకు తలకాయ లేదన్నమాట. అది శుక్రవారం తెలిస్తే ఇంకా చదవడానికి టైము ఉంటుంది, ఆదివారం పొద్దున పంపేటప్పుడు తెలిస్తే ఏమీ చెయ్యలేం.

ఇంకో కారణం ఉంది. సబ్జెక్టులో దేని గురించి చెబితే అది ఉత్తరంలో పైన ఉండాలి. మీరు సబ్జెక్టులో ఆవకాయ అని పెట్టి, లోపల ఆవకాయను నాలుగోదిగా పెట్టారనుకోండి. పాఠకుడు తెరిచాడు. అరసున్న కనిపించింది. కిందికి లాగాడు, వరదలు. ఇంకా లాగాడు. ఫోను మీద అది మూడు నాలుగు తెరల దూరం. మూసేస్తాడు. తెరిచాడని మీ లెక్కలో పడుతుంది, మీరు సంతోషిస్తారు. అంటే సబ్జెక్ట్ లైనే వరసను నిర్ణయిస్తుంది. ముందు వరస పెట్టేసుకుని, తర్వాత సబ్జెక్టు రాస్తే ఈ రెండూ కలవవు.

ఇప్పుడు ఇన్‌బాక్సులో అసలు ఏం కనిపిస్తుందో చూడండి. మూడు ముక్కలు. పంపినవారి పేరు, సబ్జెక్టు, దాని పక్కనో కిందో పల్చగా ఇంకో వాక్యం. ఆ మూడోదాన్నే ప్రివ్యూ టెక్స్ట్ అంటారు. ఈ మూడూ ఒకే చూపులో పడతాయి. కాబట్టి ఒకదానిలో చెప్పింది ఇంకోదానిలో మళ్లీ చెబితే ఆ చోటు దండగ. పంపినవారి పేరులో మీ ఉత్తరం పేరు ఉంటుంది కదా. మరి సబ్జెక్టులో మళ్లీ ఆ పేరెందుకు? "ఫలానా వారపు లేఖ, 47వ సంచిక." 47 అనే అంకె మీకు ముఖ్యం, పాఠకుడికి దానితో పనేముంది? సంచిక సంఖ్య లోపల అడుగున పెట్టుకోండి. "ఈ వారం" అనే మాట కూడా అంతే. వారపు ఉత్తరం ఈ వారం కాక ఏ వారం వస్తుంది?

నేను కొన్ని రాసి తెచ్చాను, తెర మీద చూడండి.

"ఈ వారం చదవదగిన ఐదు టపాలు". ఇది ఏ వారానికైనా సరిపోతుంది. ఏ వారానికైనా సరిపోయేది ఈ వారానికి సరిపోదు.

"ఆవకాయ, మృగశిర, అరసున్న, భద్రాచలం, ఇంకా...". ఇది కొంచెం నయం. కనీసం వస్తువులున్నాయి. కానీ ఐదింటికీ సమానంగా పంచితే దేని మీదా కన్ను ఆగదు. పైగా ఫోను మీద మధ్యలోనే తెగిపోవచ్చు.

"ఆవకాయ బూజు వెనక ఉన్న రహస్యం తెలిస్తే షాకవుతారు". నవ్వుతున్నారు, కానీ రోజూ ఇలాంటివి మీ ఫోనులో ఎన్ని చూస్తున్నారు? ఇది ఒకసారి పనిచేస్తుంది. లోపల టపాలో ఉన్నది నూనె మట్టం గురించి. ఎవరు షాకవుతారు దానికి? వచ్చే వారం మీ పేరు చూసి చెరిపేస్తారు.

ఇప్పుడు నాలుగోది. "ఆవకాయకు పైన మాత్రమే బూజు ఎందుకు పడుతుంది?" ఇది నేను ఉంచేది. ఎందుకు? ఇంట్లో జాడీ ఉన్న ప్రతివాళ్లూ చూసిన సంగతి, కానీ ఎందుకని ఆగి అడగని సంగతి. "పైన మాత్రమే" అన్న రెండు మాటలు తీసెయ్యండి, ప్రశ్న మామూలుదైపోతుంది. ఆ రెండు మాటలు నేను కల్పించినవి కావు, టపా చదివితే దొరికినవి. మంచి సబ్జెక్ట్ లైన్ చాలాసార్లు టపా మధ్యలో ఎక్కడో ఉంటుంది, శీర్షికలో ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సబ్జెక్టు మీది, కానీ అందులోని మాట టపా రాసినవాళ్లది. ఆమె "మా ఇంట్లో ఇలా జరిగింది" అని రాసింది. మీరు "ఇలా చేస్తే ఆవకాయకు బూజు పట్టనే పట్టదు" అని పెడితే ఆమె చెప్పనిది చెప్పినట్టు. మీ పాఠకులు వెళ్లి ఆమె బ్లాగులో వ్యాఖ్యల దగ్గర కొట్లాడతారు. మీకేం, మీరు బాగానే ఉంటారు. పాపం ఆమె సమాధానాలు చెప్పుకోవాలి. లోపల లింకు మీద మాత్రం ఆమె పెట్టిన శీర్షికే పెట్టండి, అక్షరం మార్చకుండా. అది ఎంత చప్పగా ఉన్నా సరే.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. ఇది కొంచెం నిదానంగా వినండి.

ఫోనులో సబ్జెక్టు తెగిపోతుంది. ఎక్కడ తెగుతుందనేది ఫోనును బట్టి, యాప్‌ను బట్టి, చదివే మనిషి అక్షరాల సైజు ఎంత పెట్టుకున్నాడన్నదాన్ని బట్టి మారుతుంది. మన పాఠకుల్లో పెద్దవాళ్లు సైజు బాగా పెంచుకుంటారు, వాళ్లకు ఇంకా ముందే తెగుతుంది. సరే, తెగితే ఏం? మన భాషలో క్రియ చివర వస్తుంది. కాదు, లేదు, వద్దు అనేవి కూడా చివరే వస్తాయి. అర్థం మొత్తం తోకలో ఉంటుంది.

ఇది చూడండి. "ఆవకాయను ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందన్నది నిజం కాదు". వాక్యం శుభ్రంగా ఉంది. ఫోను మీద "నిజం" తర్వాత మూడు చుక్కలు పడ్డాయి. "ఆవకాయను ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందన్నది నిజం..." ఏమైంది? మీరు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు చెప్పింది! తెరవనివాళ్లు, ఎక్కువమంది తెరవనివాళ్లే ఉంటారు, వాళ్లు దాన్నే నమ్మి వెళ్లిపోతారు. "ఇప్పుడే జాడీ మూత తియ్యొద్దు" అన్నదీ అంతే, "ఇప్పుడే జాడీ మూత" దాకే కనిపిస్తే ఏం అర్థం చేసుకోవాలి?

అందుకని నేను చేసేది ఇది. సబ్జెక్టు రాశాక చివరి మాట చేత్తో మూసి చదువుతాను. తర్వాత చివరి రెండు మాటలు మూసి చదువుతాను. అర్థం కొంచెం తగ్గితే ఫరవాలేదు, తిరగబడితే మాత్రం వాక్యం మార్చాలి. మన ఆవకాయ ప్రశ్న తీసుకోండి. "ఆవకాయకు పైన మాత్రమే బూజు ఎందుకు..." తెగినా ప్రశ్న నిలబడింది. "ఆవకాయకు పైన మాత్రమే బూజు..." ఇంకా తెగినా సంగతి తెలుస్తోంది. ఫ్రిజ్ వాక్యాన్ని ఎలా మారుస్తారు? "ఫ్రిజ్‌లో ఆవకాయ పాడవుతుందా?" అని పెడితే చాలు. ప్రశ్న గుర్తు పోయినా కనీసం అబద్ధం చెప్పదు. ఊఁ... "పాడవుతుం" దాకా వస్తే? అవును, సార్ అడిగింది నిజమే, అప్పుడు కూడా తప్పు అర్థం రావచ్చు. అంత పొట్టి వాక్యం సాధారణంగా తెగదు. అనుమానం ఉంటే "ఆవకాయకు ఫ్రిజ్ మంచిదేనా?" అనండి.

ఎన్ని అక్షరాలు ఉండాలి అని అడుగుతారు. ఇంగ్లీషులో చెప్పే లెక్కలు మీకు కనిపించే ఉంటాయి, నలభై, యాభై అని. మెయిలు పంపే సాధనాల్లో గడి పక్కన ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. దాన్ని నమ్ముకోకండి. మన ఆవకాయ సబ్జెక్టును అందులో పెడితే 41 అని చూపిస్తుంది, ఖాళీలూ ప్రశ్న గుర్తూ కలిపి. మనం పలికే అక్షరాలుగా లెక్కపెట్టుకోండి, 19. ఎందుకంత తేడా? కంప్యూటరుకు "త్ర" ఒక అక్షరం కాదు. త, పొల్లు, ర, మూడు. "కు" రెండు. గుణింతం గుర్తులూ వత్తులూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, కానీ తెర మీద అవి చాలావరకు పక్కకు పెద్దగా చోటు తీసుకోవు, కిందా పైనా సర్దుకుంటాయి. అలాగని 41 అన్నది ఇంగ్లీషు 41 కంటే తక్కువ చోటులో పడుతుందనీ అనుకోకండి, మన అక్షరాలు వెడల్పు. కాబట్టి లెక్క వదిలెయ్యండి. ఒక పరీక్ష మెయిలు మీకు మీరే పంపుకుని ఫోనులో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో కూడా చూస్తే ఇంకా మంచిది.

ఇక ప్రివ్యూ టెక్స్ట్. దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పట్టించుకోకపోతే ఏం జరుగుతుంది? మెయిలు యాప్ ఊరుకోదు, లోపల మొదట ఏ అక్షరాలు కనిపిస్తే అవి తెచ్చి పెడుతుంది. మీ ఉత్తరంలో మొదట ఏముంది? చాలా టెంప్లేట్లలో పైన "సరిగా కనిపించకపోతే బ్రౌజరులో చూడండి" అని ఉంటుంది. లేదా లోగో బొమ్మకు పెట్టిన వర్ణన. ఇప్పుడు ఇన్‌బాక్సులో మీ ఉత్తరం ఇలా ఉంటుంది. "ఆవకాయకు పైన మాత్రమే బూజు ఎందుకు పడుతుంది?" పక్కనే, "సరిగా కనిపించకపోతే". పెళ్లిపత్రిక మీద మొదటి వరసలో ప్రింటింగ్ ప్రెస్ అడ్రసు వేసినట్టు ఉంటుంది.

కొంతమంది మొదటి పేరా నమస్కారంతో మొదలెడతారు. "ప్రియమైన పాఠకులకు నమస్కారం. అందరూ కుశలమే అని తలుస్తాను." మర్యాదే, కాదనను. కానీ ప్రివ్యూ మొత్తం ఆ నమస్కారానికే సరిపోతుంది. అందుకే ప్రివ్యూను విడిగా రాయాలి. మీరు వాడే సాధనంలో దానికి ఒక గడి ఉంటే అందులో రాస్తే సరి. లేకపోతే మెయిలు శరీరంలో అన్నిటికంటే పైన, కంటికి కనిపించకుండా ఇలా పెట్టాలి.

```html
<div style="display:none;max-height:0;overflow:hidden;">
మృగశిరకు చేపల బదులు ఇంగువ బెల్లం. 1986 వరదలో భద్రాచలం.
&#847;&zwnj;&nbsp;&#847;&zwnj;&nbsp;&#847;&zwnj;&nbsp;
</div>
```

ఆ మూడో వరసలో ఉన్న గందరగోళం ఏమిటంటారా? అవి కనిపించని అక్షరాలు. మీ ప్రివ్యూ పొట్టిగా ఉంటే యాప్ మిగతా చోటు నింపడానికి తర్వాతి అక్షరాలు లాక్కుంటుంది, మళ్లీ "సరిగా కనిపించకపోతే" వస్తుంది. దాన్ని ఆపడానికి ఈ ఖాళీ నింపుడు. నేను మూడుసార్లే రాశాను, అసలు వాడేటప్పుడు పదుల సార్లు కాపీ చేసి పెట్టాలి. పరీక్ష మెయిలులో తోక కనిపిస్తుంటే ఇంకొన్ని పెంచాలి, అంతే.

సరే, ప్రివ్యూలో ఏం రాయాలి? సబ్జెక్టుకు పొడిగింపు రాయాలని చాలామందికి అనిపిస్తుంది. "సమాధానం లోపల ఉంది, చదవండి". లోపల కాక ఇంకెక్కడుంటుంది? నేను ప్రివ్యూను వేరే టపాలకు ఇస్తాను. ఎందుకంటే ఆవకాయ అంటే ఆసక్తి లేనివాళ్లు ఉంటారు. ఏం, ఉండరా? అమెరికాలో ఒంటరిగా ఉండే కుర్రాడికి జాడీ ఎక్కడిది? అతనికి భద్రాచలం పట్టొచ్చు. సబ్జెక్టు ఒక తలుపు, ప్రివ్యూ ఇంకో తలుపు. ఒక్కటే తలుపును రెండుసార్లు చూపించి ఏం లాభం?

పైన తెర మీద ఉన్న ప్రివ్యూ మొదట అలా లేదు. "మృగశిర నాడు చేపలు తిననివాళ్లు ఏం తింటారు?" అని రాశాను. వాక్యంగా బాగానే ఉంది. కానీ సబ్జెక్టు కూడా ప్రశ్నే. పక్కపక్కన రెండు ప్రశ్నలు పడితే పరీక్ష పేపరులా అనిపిస్తుంది. అందుకని జవాబే రాసేశాను, "చేపల బదులు ఇంగువ బెల్లం". జవాబు చెప్పేస్తే ఎవరు చదువుతారు అంటారేమో. తెలంగాణ వాళ్లకు ఆ ఆచారం తెలుసు, తెలిసినవాళ్లు తమ ఇంటి సంగతి కనిపించిందని తెరుస్తారు. తెలియనివాళ్లు ఇదేమిటని తెరుస్తారు. దాచిపెడితే ఇద్దరికీ ఏమీ అందదు.

మరి అరసున్న, గ్రంథాలయం? వాటికి ఇన్‌బాక్సులో చోటు లేదు. లేకపోతే లేకపోయింది. ఐదింటికీ న్యాయం చెయ్యాలనుకుంటే మళ్లీ జాబితాకే వస్తాం.

ఇప్పుడు లోపలికి వెళదాం. పరిచయాలు. ఒక్కో టపాకు మూడు నాలుగు వాక్యాలు. ఇది మామూలుగా కనిపించే పరిచయం: "ఆవకాయ గురించి ఎంతో చక్కగా, అందరికీ అర్థమయ్యేలా వివరించారు. తప్పక చదవండి." ఇందులో ఆవకాయ అన్న మాట తీసేసి భద్రాచలం పెట్టండి. సరిపోయిందా? సరిపోయింది. అంటే ఇది ఆ టపా గురించి ఏమీ చెప్పలేదు. రాసినవాడు టపా చదివాడన్న నమ్మకం కూడా కలగదు.

ఇది చూడండి:

"ఒకే రోజు, ఒకే కాయతో పెట్టిన మూడు జాడీల్లో ఒక్కదానికే బూజు వచ్చింది. గుంటూరు నుంచి రాసే ఈ బ్లాగరు మూడింటినీ పక్కపక్కన పెట్టి ఫొటోలు తీశారు. ఉప్పూ కారం అన్నిటిలో ఒకటే, తేడా నూనె మట్టంలో: ముక్కలు నూనె పైకి తేలిన చోటే తెల్లగా మొదలైంది. మీ జాడీ మూత తీసేముందు అందులో నాలుగో ఫొటో చూడండి."

ఇందులో ఏం చేశాను? టపా మొదటి పేరాను ఎత్తి రాయలేదు. ఆమె మొదటి పేరాలో వాళ్ల అమ్మమ్మ గురించి రాసుకుంది అనుకోండి, అది ఆమె టపాలో బాగుంటుంది, నా పరిచయంలో దానికి చోటు లేదు. నేను టపాలో సగం దాటాక ఉన్న సంగతి తీశాను. అడుగు దాకా చదివితేనే దొరికేది. నాలుగో ఫొటో అన్నాను. వెళ్లినవాడు ఏం చూడాలో తెలిసి వెళతాడు. "ఇక్కడ నొక్కండి" అని రాయలేదు, ఆమె శీర్షికే లింకు. కంటిచూపు లేక, ఫోను చదివి వినిపిస్తే వినేవాళ్లకు "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని ఐదుసార్లు వినిపిస్తే ఏది ఎక్కడికి పోతుందో ఎలా తెలుస్తుంది?

మరి నూనె సంగతి చెప్పేశాను కదా, ఇక టపా ఎందుకు చదువుతారు? ఇది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే. నా అభిప్రాయం ఏమిటంటే, ఒక్క వాక్యంలో చెప్పేస్తే అయిపోయే టపా అయితే దాన్ని ఎంచుకోనేకూడదు. ఆమె మూడో రోజు తిరగగలిపేటప్పుడు నూనె తక్కువైతే ఏం చెయ్యాలో రాసింది, ఫొటోలు పెట్టింది, కింద వ్యాఖ్యల్లో ఇంకొకరు పప్పునూనెకూ వేరుశనగ నూనెకూ తేడా చెప్పారు. అదంతా అక్కడే ఉంది, నేను ముట్టుకోలేదు. పరిచయం పేరుతో సగం టపా ఎత్తి పెడితే అది వేరే సంగతి. అది కాపీ. నాలుగు వాక్యాలు దాటితే నేను ఆగి చూసుకుంటాను.

భద్రాచలం టపా పాతది కదా. పాతది పెట్టకూడదని ఏమీ లేదు. కానీ "2012లో రాసినది" అని అక్కడే చెప్పాలి. చెప్పకపోతే జూన్ నెలలో భద్రాచలం వరద అని చూసి ఎవరో కంగారుపడి ఊరికి ఫోను చేస్తారు. ప్రివ్యూలో 1986 అన్న అంకె పెట్టింది కూడా అందుకే.

పాత టపాలతో ఇంకో తలనొప్పి లింకులు. మన తెలుగు బ్లాగులు చాలా బ్లాగ్‌స్పాట్ మీద ఉన్నాయి. ఒకప్పుడు ఇండియాలో తెరిస్తే చిరునామా చివర `blogspot.in` అని మారిపోయేది. మనం దాన్నే కాపీ చేసుకుని దాచుకున్నాం. 2020లో ఆ `.in` చిరునామా గూగుల్ చేతిలోంచి పోయింది, ఆ లింకులన్నీ పనిచెయ్యడం మానేశాయి. టపాలు మాత్రం ఎక్కడికీ పోలేదు, `.in` తీసి `.com` పెడితే చాలాసార్లు అక్కడే ఉంటాయి. మీ దగ్గర పాత జాబితాలుంటే ఒకసారి చూసుకోండి. ఇంకోటి, ఫోనులోంచి కాపీ చేసిన బ్లాగ్‌స్పాట్ లింకుకు చివర `?m=1` అని తోక ఉంటుంది. అది మొబైలు రూపం. కంప్యూటరులో తెరిచినవాళ్లకు పేజీ సాగదీసినట్టు కనిపిస్తుంది. ఆ తోక తీసేసి పెట్టండి. ఫేస్‌బుక్‌లోంచి తెచ్చుకున్న లింకులకు `?fbclid=` అని బారెడు తోక ఉంటుంది, అదీ తియ్యండి.

ఇక పంపేముందు ఒకటి చూడాలి. ఇది తెలుగువాళ్లకు ఎక్కువ తగులుతుంది కాబట్టి చెబుతున్నాను. జీమెయిల్ ఉత్తరం సుమారు 102 కేబీ దాటితే మిగతాది కత్తిరించి, అడుగున `[Message clipped]` అని పెడుతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లు ఒక్క మాటలతోనే దాని దాకా రావడం కష్టం. మనకు సులువు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తూ మూడు బైట్లు. అది ఫరవాలేదు. పదిహేను వందల మాటల ఉత్తరం అనుకుంటే, దగ్గర దగ్గర పన్నెండు వేల గుర్తులు, 36 కేబీ. టెంప్లేటు 30 కేబీ వేసుకున్నా గట్టెక్కుతాం. కానీ కొన్ని సాధనాలు తెలుగును తెలుగుగా ఉంచవు, ప్రతి గుర్తునూ ఒక సంకేతంగా మారుస్తాయి. క అనే అక్షరం `&#3093;` అవుతుంది. లెక్కపెట్టండి, ఏడు. 36 కాస్తా 84 అయింది. టెంప్లేటు కలిపితే 114. కత్తెర పడింది.

ఎలా తెలుస్తుంది? పరీక్ష మెయిలును జీమెయిల్‌లో అడుగు దాకా లాగండి. మీ ఆఖరి వరస, అంటే చందా రద్దు చేసుకునే లింకు, కనిపించిందా లేదా? కనిపించకపోతే ఉత్తరం హెచ్‌టీఎంఎల్ తెరిచి `&#30`, `&#31` అని వెతకండి. తెలుగు గుర్తుల సంకేతాలన్నీ ఆ రెంటిలో ఒకదానితోనే మొదలవుతాయి. వందలకొద్దీ కనిపిస్తే సాధనంలో ఆ మార్పిడి ఆపే వీలుందేమో చూడాలి, లేకపోతే ఉత్తరం తగ్గించాలి. చందా రద్దు లింకు కనిపించకపోతే ఏమవుతుందో తెలుసు కదా? వద్దనుకున్నవాడు దాన్ని వెతుక్కోడు, స్పామ్ అని నొక్కేస్తాడు. అది మీ తర్వాతి ఉత్తరాలన్నిటికీ చుట్టుకుంటుంది.

టైము గురించి ఒక్క మాట చెప్పి ప్రశ్నలకు వెళతాను. ఆదివారం పొద్దున ఏడింటికి పంపితే న్యూయార్కులో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, అక్కడి ఎండాకాలపు టైము ప్రకారం. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర. చందాదారుల్లో సగం అక్కడే ఉంటే "ఆదివారం శుభోదయం" అని సబ్జెక్టు పెట్టడం ఏం బాగుంటుంది? "నిన్న", "ఇవాళ" బదులు తేదీ వేస్తే గొడవ ఉండదు.

అడగండి.

రెండు సబ్జెక్టులు రాసి సగం మందికి ఒకటి, సగం మందికి ఒకటి పంపి ఏది ఎక్కువ తెరిచారో చూస్తే తెలియదా అంటున్నారు. ఒకప్పుడు కొంత తెలిసేది. 2021లో ఐఫోన్లలో ఒక మార్పు వచ్చింది. యాపిల్ మెయిల్ యాప్ వాడేవాళ్లు అందులోని గోప్యతా రక్షణ పెట్టుకుంటే, వాళ్లు తెరవకపోయినా ఉత్తరంలోని బొమ్మలను యాపిలే ముందుగా తెచ్చి పెట్టుకుంటుంది. తెరిచారా లేదా అని లెక్కపెట్టేది ఉత్తరంలో పెట్టే ఒక కనిపించని బొమ్మతోనే కదా. అందుకని తెరిచిన లెక్క ఉబ్బిపోయి కనిపిస్తుంది. పైగా మనకున్నది కొన్ని వందల మంది. అందులో సగానికీ సగానికీ పది మంది తేడా వస్తే అది సబ్జెక్టు వల్లా, వానవల్లా? నేను చూసేది లింకులు నొక్కినవాళ్లు, ఇంకా ముఖ్యంగా తిరిగి ఉత్తరం రాసినవాళ్లు. ఆవకాయ మీద ముగ్గురు జవాబు రాస్తే ఆ సబ్జెక్టు పనిచేసినట్టే.

అమ్మా, మీరేదో అడగబోయారు. ఎమోజీ పెట్టొచ్చా? పెట్టండి, మాట తర్వాత పెట్టండి. మాట బదులు పెట్టొద్దు. మామిడికాయ బొమ్మ పెట్టి ఆవకాయ అన్న మాట తీసేస్తే, ఫోను చదివి వినిపిస్తే వినేవాళ్లకు అది "మ్యాంగో" అని వినిపిస్తుంది, ఆవకాయ కాదు.

ముందు పెట్టదగిన టపా లేని వారం ఏం చెయ్యాలి? అది మంచి ప్రశ్న. ఐదూ సాధారణంగా ఉన్నాయి, సబ్జెక్టు రావడం లేదు. అప్పుడు ఐదు పెట్టకండి. రెండే పెట్టండి. ఆ రెంటిలో ఒకదాని మీద మీ అభిప్రాయం పెద్దగా రాయండి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి. సబ్జెక్టు ఆ అభిప్రాయంలోంచి వస్తుంది. అదీ రాకపోతే ఆ వారం పంపకండి.

ఆఖరి ప్రశ్న. టపా రాసినవాళ్లను ముందే అడగాలా? లింకు ఇచ్చి నాలుగు మాటలు రాయడానికి అడగక్కర్లేదు. ఫొటో తీసుకుంటే మాత్రం అడగాలి, ఆవకాయ ఫొటో అయినా సరే. కానీ ఉత్తరం పంపాక ఒక మెయిలు పెట్టండి, "మీ టపా ఫలానా ఉత్తరంలో పెట్టాను, మీ బ్లాగుకు కొత్తవాళ్లు రావచ్చు" అని. వ్యాఖ్యలు మూసిపెట్టుకున్నవాళ్లు తెరుస్తారు. టపాలో తప్పుంటే దిద్దుకుంటారు. ఒక్కోసారి "అది పాతది, దీని మీద కొత్తది రాశాను చూడండి" అని ఇంకో లింకు పంపిస్తారు, వచ్చే సంచికకు మొదటి టపా అదే అవుతుంది.